రిఫ్రాక్టోమీటరు సున్నా సరిచూపు, ఉష్ణోగ్రత సవరణ: బత్తాయి రసం బ్రిక్స్ కొలతలో పాటించవలసిన పద్ధతి

నాగార్జున సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాలలో కాలువ నీరు అందే భూములను వరి ఆక్రమించగా, కాలువకు ఎగువన ఉన్న మెట్ట భూములలో బోరు నీటిపై బత్తాయి తోటలు విస్తరించాయి. గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల పరిధిలోని ఇటువంటి తోటలలో పండు పక్వతను నిర్ణయించడానికి రసంలోని కరిగిన ఘనపదార్థాల శాతాన్ని చేతి రిఫ్రాక్టోమీటరుతో కొలుస్తారు. పరికరం చిన్నది, పని నిమిషంలో ముగుస్తుంది. అయితే వేసవిలో చేతికి వచ్చే కాపును కొలిచేటప్పుడు ఈ నిమిషం పనిలోనే ఒక బ్రిక్స్ వరకు దోషం చేరే అవకాశం ఉంది. రెండు యాజమాన్య పద్ధతుల మధ్య నిజమైన తేడా కూడా తరచుగా ఒక బ్రిక్స్‌కు మించదు. కనుక ఈ దోషం ఎక్కడ పుడుతుందో, దానిని ఎట్లా తొలగించాలో తెలుసుకోవాలి.

పరికరం కొలిచేది ఏమిటి?

రిఫ్రాక్టోమీటరు చక్కెరను నేరుగా కొలవదు. అది ద్రవం వక్రీభవన గుణకాన్ని కొలుస్తుంది. స్కేలుపై ఉన్న అంకెలు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద శుద్ధ సుక్రోజు ద్రావణానికి లెక్కించినవి. ఆ ఉష్ణోగ్రత వద్ద స్వేదనజలం వక్రీభవన గుణకం 1.3330, అదే స్కేలుపై సున్నా. ఒక శాతం చక్కెర ఈ గుణకాన్ని సుమారు 0.0014 మేర పెంచుతుంది.

ద్రవం వేడెక్కితే సాంద్రత తగ్గి, గుణకం కూడా తగ్గుతుంది. స్వేదనజలం గుణకం 30 డిగ్రీల వద్ద 1.3319కి, 40 డిగ్రీల వద్ద 1.3306కు దిగుతుంది. బ్రిక్స్‌లో చెప్పాలంటే, 20 డిగ్రీల వద్ద సరిచేసిన పరికరం 30 డిగ్రీల వద్ద సుమారు 0.7 నుంచి 0.8, 35 డిగ్రీల వద్ద 1.2, 40 డిగ్రీల వద్ద 1.7 తక్కువ చూపుతుంది. సవరణ పట్టికలలో 20 డిగ్రీలకు పైన ‘కలపవలసిన’ విలువలు ఇవే. 20 డిగ్రీలకు తక్కువైతే తీసివేయాలి.

ఒకే సవరణ రెండుసార్లు

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఉష్ణోగ్రత సవరణ సదుపాయం లేని పరికరంలో 35 డిగ్రీల వద్ద స్వేదనజలం వేస్తే గీత సున్నా కంటే కిందికి, స్కేలు బయటకు పోతుంది. స్క్రూ తిప్పి దానిని సున్నాకు తెచ్చినప్పుడు, తెలియకుండానే 1.2 బ్రిక్స్ సవరణ పరికరంలో చేరిపోతుంది. ఆ తరువాత పట్టిక చూసి మరల 1.2 కలిపితే సవరణ రెండుసార్లు జరిగినట్లు. పట్టిక విలువ మొత్తాన్ని కలపడానికి, సున్నాను 20 డిగ్రీల వద్ద సరిచేసి ఉండాలన్నది షరతు.

ఒక ఉదాహరణను తీసుకుందాం. ఉదయం ఏడు గంటలకు, 27 డిగ్రీల వద్ద, స్వేదనజలంతో సున్నాను సరిచేశారు. మధ్యాహ్నం రెండు గంటలకు నీడలో పట్టకం ఉష్ణోగ్రత 38 డిగ్రీలు. బత్తాయి రసం 9.0 చూపింది, ఆమ్లత 0.60 శాతం. సవరణ లేకుండా నమోదు చేస్తే చక్కెర, ఆమ్ల నిష్పత్తి 15.0. 38 డిగ్రీలకు పట్టికలోని 1.5ను పూర్తిగా కలిపితే బ్రిక్స్ 10.5, నిష్పత్తి 17.5. రెండూ తప్పే. ఉదయం సున్నా సరిచేసినప్పుడే 27 డిగ్రీల సవరణ, అనగా 0.5, పరికరంలో చేరింది. కాబట్టి కలపవలసింది 1.5 నుంచి 0.5 తీసివేయగా మిగిలిన 1.0 మాత్రమే. సరియైన బ్రిక్స్ 10.0, నిష్పత్తి 16.7.

ఇదే పరికరంతో ఒక యాజమాన్య పద్ధతి చెట్ల పండ్లను ఉదయం, మరొక పద్ధతి చెట్ల పండ్లను మధ్యాహ్నం కొలిచారనుకుంటే, లేని తేడా ఒక బ్రిక్స్ మేర పట్టికలో కనిపిస్తుంది. దోషం ఒకే దిశలో ఉంటుంది కనుక ఎన్ని పునరావృత్తులు తీసుకున్నా అది సగటులో కరగదు.

తోటలో అనుసరించవలసిన క్రమం

సవరణ సదుపాయం లేని పరికరానికి సులువైన మార్గం, కొలిచే ఉష్ణోగ్రత వద్దనే సున్నాను సరిచేయడం. పరికరాన్ని, స్వేదనజలం సీసాను, వడగట్టిన రసాన్ని నీడలో ఒకేచోట అరగంట ఉంచాలి. పట్టకాన్ని స్వేదనజలంతో కడిగి మెత్తని గుడ్డతో అద్దాలి. రెండు మూడు చుక్కల స్వేదనజలం వేసి, మూత వేసి, అర నిమిషం ఆగి గీతను సున్నాకు తేవాలి. చుక్క పరిమాణం చాలా తక్కువ కనుక అది క్షణాలలో పట్టకం వేడిని అందుకుంటుంది. నమోదు చేయవలసింది పట్టకం ఉష్ణోగ్రతే గాని గాలి ఉష్ణోగ్రత కాదు. అందువలన పరికరాన్ని పట్టకం వైపు పట్టుకోరాదు, ఎండలో ఉంచరాదు. ఈ విధంగా చేస్తే బత్తాయి రసానికి మిగిలే సవరణ 0.1కు లోపే, 0.2 విభాగాలున్న స్కేలుపై దానిని విస్మరించవచ్చు. ప్రతి గంటకూ, లేదా ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు మారినప్పుడల్లా, సున్నాను మరల చూడాలి.

స్వయంచాలక సవరణ గల పరికరాలలో ఈ సదుపాయం సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల వరకే పనిచేస్తుంది. వీటి సున్నాను తయారీదారు సూచించినట్లు 20 డిగ్రీలకు దగ్గరగా, గదిలో సరిచేయాలి. పట్టిక విలువను కలపరాదు. మధ్యాహ్నం 38 డిగ్రీల వద్ద వీటిని నమ్మరాదు. రసాన్ని మూత గల సీసాలో గదికి తెచ్చి కొలవడం మేలు.

దోషాన్ని గుర్తించడం

స్వేదనజలానికి బదులు బోరు నీటిని వాడితే, లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు సున్నాను సుమారు 0.1 బ్రిక్స్ జరుపుతుంది. ఉష్ణోగ్రత దోషంతో పోలిస్తే ఇది స్వల్పమే గాని, ఎండిన తరువాత పట్టకంపై లవణపు పొర మిగులుతుంది. రసం సరిగా కడగకపోయినా ఇట్లే పొర ఏర్పడి, తరువాత వేసిన స్వేదనజలం సున్నాకు పైన చూపుతుంది. కనుక నీటి గీత సున్నాకు పైన ఉంటే, స్క్రూను తాకక ముందు పట్టకాన్ని మరల కడగాలి. గీత మసకగా ఉంటే గుజ్జు గాని, గాలిబుడగ గాని కారణం. రసాన్ని పలుచని గుడ్డతో వడగట్టి మరల వేయాలి.

సున్నా సరిగా ఉన్నంత మాత్రాన స్కేలంతా సరిగా ఉందని చెప్పలేము. 10 గ్రాముల చక్కెరను 90 గ్రాముల స్వేదనజలంలో కరిగిస్తే 10.0 బ్రిక్స్ ద్రావణం వస్తుంది. 10 గ్రాములను కరిగించి 100 మిల్లీలీటర్లకు చేస్తే వచ్చేది 9.6 మాత్రమే, బ్రిక్స్ బరువు శాతం కావడమే దీనికి కారణం. తాజాగా చేసిన ఈ ద్రావణంతో రెండవ బిందువును సరిచూడాలి.

క్షేత్ర పుస్తకంలో ప్రతి కొలత పక్కన సమయం, పట్టకం ఉష్ణోగ్రత, సున్నా సరిచేసిన ఉష్ణోగ్రత, పరికరంలో స్వయంచాలక సవరణ ఉన్నదీ లేనిదీ నమోదు చేయాలి. స్కేలు చూపిన విలువను యథాతథంగా ఒక వరుసలో, సవరించిన విలువను వేరొక వరుసలో రాయాలి. ఈ వివరాలు ఉన్న కొలతను తరువాతనైనా సరిదిద్దవచ్చు. అవి లేని కొలతకు ఏ పట్టికా ఉపయోగపడదు.