నోట్‌బుక్కా, యాపా? ముందు ఎవరు చదవకూడదో తేల్చుకోండి

డైరీ మొదలుపెట్టాలనుకునే ఫ్రెండ్స్ నన్ను అడిగేది ఒకటే: ఏ యాప్ బాగుంటుంది? నేను తిరిగి అడిగేదీ ఒకటే: దాన్ని ఎవరు చదవకూడదు? "ఎవరూ చదవకూడదు" అంటే అది జవాబు కాదు. ఎవరో తేలితే ఏ తాళం వెయ్యాలో కూడా తేలుతుంది.

నా సంగతే చెప్తాను. మాది నిజామాబాద్ జిల్లా కోటగిరి. కిందటి యాసంగిలో నాన్న చేసిన అప్పు గురించి, ఈ బ్రాంచిలో నాకు మనసు నిలవకపోవడం గురించి చాలా పేజీలు రాసుకున్నాను. హాస్టల్లో రూమ్మేట్ చదివితే ఇంటి పరువు పోతుంది. ఇంట్లో నాన్న చదివితే ఆయన మనసు కష్టపడుతుంది. రాసింది ఒకే పేజీ, దాచాల్సింది మాత్రం ఇద్దరి నుంచి. ఎక్కడో కూర్చున్న హ్యాకర్‌కి మా అప్పుతో పని లేదు. కానీ యాప్‌ల ప్రకటనలన్నీ ఆ హ్యాకర్ గురించే మాట్లాడతాయి.

కాగితాన్ని చదవాలంటే ఆ గదిలోకి రావాలి, అదే దాని బలం. మన ఇళ్లలో గదిలోకి ఎవరైనా వస్తారు, అదే దాని బలహీనత. మా ఇంట్లో బీరువాకి ప్రత్యేకంగా తాళం వేస్తే ఆ తాళమే పెద్ద వార్త అవుతుంది. మా నాయనమ్మ పక్కనే కూర్చుని "ఏం రాస్తున్నవ్ బిడ్డా, లెక్కలా?" అని అడుగుతుంది. ఆమెకి చదువు రాదు కాబట్టి భయం లేదు. భయమంతా తొమ్మిదో తరగతి తమ్ముడితోనే. అందుకే నా డైరీ అట్ట మీద "ఫ్లూయిడ్ మెకానిక్స్" అని ఉంటుంది. దాన్ని ఇంతవరకు ఎవరూ తెరవలేదు, మా క్లాసువాళ్లతో సహా.

బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే కింది పేజీ మీద అచ్చు పడుతుంది. పై పేజీ చింపేసినా, కింది దాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే చదవొచ్చు. పేజీ కింద పరీక్షల అట్ట పెట్టుకుని రాస్తే ఆ బాధ ఉండదు. జెల్ పెన్‌తో అచ్చు తక్కువ పడుతుంది గానీ వానలో బ్యాగు తడిస్తే కొన్ని ఇంకుల అక్షరాలు మిగలవు.

వేరే భాషలోనో గుర్తులతోనో రాస్తే సరిపోదా అంటారు కొందరు. లండన్‌లో శామ్యూల్ పెపీస్ 1660 నుంచి 1669 దాకా తన డైరీని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాడు. ఇంట్లోవాళ్ల నుంచి అది కాపాడింది. కానీ వందేళ్లు దాటాక జాన్ స్మిత్ అనే విద్యార్థి 1819లో కూర్చుని సుమారు మూడేళ్లలో మొత్తం విప్పేశాడు. 1825లో కొంత భాగం అచ్చయింది కూడా. మన గురజాడ డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులో రాసుకున్నారు. 1915లో ఆయన పోయిన తర్వాత అవీ పుస్తకంగా వచ్చాయి. సాహిత్యానికి అది లాభమే అనుకోండి. కాగితం దగ్గరివాళ్లకే కాదు, మన తర్వాత వచ్చేవాళ్లకీ దొరుకుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇక ఫోన్. ఊళ్లో ఫోన్ ఒక్కరిది కాదు. తమ్ముడు గేమ్ ఆడటానికి తీసుకుంటాడు, పిన్ని పెళ్లి ఫోటోలు చూడటానికి అడుగుతుంది. ప్యాటర్న్ అందరికీ తెలుసు. అందుకని యాప్‌కి విడిగా నాలుగంకెల పిన్ పెట్టుకుంటాం. ఆ పిన్ చాలా యాప్‌లలో తెరకి వేసిన తలుపు మాత్రమే. లోపల రాత మామూలుగానే ఉండొచ్చు, సర్వర్‌లో దాని నకలు కూడా ఉండొచ్చు. ప్రకటనలు నమ్మక్కర్లేదు, పది నిమిషాల్లో మనమే తేల్చుకోవచ్చు.

నేను ఒక యాప్‌లో "నేరేడు చెట్టు కింద 47 కాకులు" అని దొంగ వాక్యం ఒకటి రాశాను. యాప్ నుంచి బయటికొచ్చి, ఇటీవలి యాప్‌ల వరుస చూశాను. చిన్న బొమ్మలో నా కాకులు చక్కగా కనిపిస్తున్నాయి. ఆండ్రాయిడ్‌లో యాప్ చేసేవాళ్లు FLAG_SECURE పెడితే అక్కడ ఖాళీ తెర వస్తుంది. ఈ యాప్‌లో అది పెట్టలేదు.

తర్వాతది అసలు పరీక్ష. పాత ఫోన్‌లో అదే యాప్ వేసుకుని, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కాను. మెయిల్‌కి లింకు వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టాను, కాకులు వచ్చేశాయి. ఆలోచించండి: పాత పాస్‌వర్డ్ లేదు, పాత ఫోన్‌లో నా తాళంచెవి ఏదీ లేదు, అయినా రాత తెరుచుకుంది. అంటే తాళంచెవి కంపెనీ దగ్గరుంది, లేదా అసలు తాళమే లేదు. నా మెయిల్ తెరవగలిగినవాడు నా డైరీ కూడా తెరవగలడు. రెండో యాప్‌లో ఇదే చేస్తే, మొదట ఇచ్చిన రికవరీ కీ అడిగింది. అది ఇవ్వకపోతే ఏమీ చూపలేదు. ఇది నిజమైన తాళం. దీనికీ ఖరీదుంది: ఆ కీ పోతే కంపెనీ కూడా మన రాత తిరిగి ఇవ్వలేదు. కాబట్టి ఆ కీని ఎక్కడో కాగితం మీద రాసిపెట్టుకోవాల్సిందే. చివరికి మళ్లీ కాగితం దగ్గరికే వచ్చాం చూడండి.

ఈ రెండు పరీక్షల్లో నెగ్గిన యాప్‌లో కూడా ఒక కన్నం ఉంటుంది, అది కీబోర్డు. మనం తరచుగా టైప్ చేసే పేర్లని అది నేర్చుకుంటుంది. అప్పిచ్చినాయన పేరు వారం రోజులు డైరీలో రాస్తే, తమ్ముడు వాట్సాప్‌లో మొదటి అక్షరం కొట్టగానే ఆ పేరు పైన కనిపించొచ్చు. కీబోర్డు సెట్టింగుల్లో నేర్చుకున్న పదాలు చెరిపేసే వీలుంటుంది, అక్కడ చూడండి.

ఇంత దాచుకున్నా, రోజూ రాయకపోతే అందులో ఏం ఉంటుంది? అలవాటు విషయంలో 21 రోజుల మాట అందరూ చెప్తారు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక్కరోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా తేలింది. వరుసగా ఎన్ని రోజులు రాశారో లెక్క చూపించి, ఒకరోజు తప్పగానే సున్నాకి దింపే యాప్‌లు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. సున్నా చూసి మానేసినవాళ్లు మా ఫ్లోర్‌లోనే ఇద్దరున్నారు.

ఆ అధ్యయనంలో ప్రతి ఒక్కరూ కొత్త పనిని రోజూ జరిగే మరో పనికి కట్టుకున్నారు. నేను మెస్‌లో రాత్రి భోజనం చేసి వచ్చాక, పళ్లు తోముకునే ముందు అర పేజీ రాస్తాను. దీనికి నోట్‌బుక్కే బాగా కుదిరింది. ఫోన్ తీస్తే డైరీ కన్నా ముందు గ్రూపుల మెసేజీలు కనిపిస్తాయి. ఇరవై నిమిషాల తర్వాత అసలు ఎందుకు తీశానో గుర్తుండదు. లైట్లు ఆర్పేసి రూమ్మేట్ పడుకున్న రాత్రుల్లో మాత్రం కాగితం పనికిరాదు. బోధన్ నుంచి ఇంటికెళ్లే బస్సులోనూ అంతే, ఆ కుదుపులకి నా రాత నేనే చదవలేను.

అందుకే హాస్టల్లో నోట్‌బుక్, ప్రయాణంలో రెండో యాప్. ఇంటికెళ్లి రాగానే బస్సులో రాసింది నోట్‌బుక్‌లోకి ఎక్కించి ఫోన్‌లోది తీసేస్తాను. యాప్ చెత్తబుట్టలో కూడా ఖాళీ చేయాలి, కొన్నిటిలో తీసేసినవి 30 రోజులు అక్కడే ఉంటాయి. అప్పు గురించి రాసిన పేజీలున్న నోట్‌బుక్ సెలవులకి ఇంటికి తీసుకెళ్లను, అది హాస్టల్ పెట్టెలోనే తాళం కింద ఉంటుంది. రూమ్మేట్ గురించి రాసింది వేరే పుస్తకం. అది మాత్రం కోటగిరిలో, ఫ్లూయిడ్ మెకానిక్స్ పక్కన ఉంది.