ఒకే పదార్థానికి రెండు అణుభారాలా?

ప్రాక్టికల్స్‌లో నాకు వచ్చిన సీసా నెంబరు 7. అందులో తెల్లని, మెరిసే పొలుకుల్లాంటి స్ఫటికాలున్నాయి. పేరు లేదు. "బెంజీన్ మరుగుస్థానం ఎంత పెరుగుతుందో చూసి, దీని అణుభారం చెప్పండి" అన్నారు మాస్టారు. ఇప్పటి పుస్తకాలు దీన్నే మోలార్ ద్రవ్యరాశి అంటున్నాయి. సూత్రం ఇంటర్‌లోనే చదివాం కనుక గంటలో తేలిపోయే పని అనుకున్నాను. వారం పట్టింది.

సూత్రం వెనుక ఉన్న సంగతి తేలికైనదే. ఆవిరి కాని పదార్థాన్ని ద్రవంలో కరిగిస్తే ఆ ద్రవం బాష్పపీడనం తగ్గుతుంది. ఆ పీడనం మళ్ళీ వాతావరణ పీడనంతో సమానం కావాలంటే ద్రవాన్ని ఇంకాస్త వేడిచేయాలి. ఆ 'ఇంకాస్త'యే ΔT. ద్రావణం పలుచగా ఉన్నంతవరకు అది కరిగిన కణాల సంఖ్యను బట్టే ఉంటుంది. ఆ కణాలు ఏ జాతివన్నది దానికి అనవసరం.

M = (1000 × Kb × w) / (ΔT × W)

ఇందులో w ద్రావితం బరువు, W ద్రావణి బరువు, రెండూ గ్రాముల్లో. Kb ద్రావణికి సంబంధించిన స్థిరాంకం. నీటికి అది 0.512 మాత్రమే, బెంజీన్‌కు 2.53. అంటే అదే సాంద్రతకు బెంజీన్‌లో పెరుగుదల ఐదు రెట్లు కనిపిస్తుంది. అందుకే పాతకాలం నుంచి బెంజీన్‌ను వాడుతూ వచ్చారు. అయితే అది క్యాన్సర్ కారకమని తేలింది కాబట్టి ఈ ప్రయోగమంతా ఫ్యూమ్ కప్‌బోర్డులోనే చేయాలి, చేతికి తగలనివ్వకూడదు.

కొలవవలసింది డిగ్రీలో మూడోవంతు. మామూలు థర్మామీటరు ఇక్కడ పనికిరాదు. బెక్‌మన్ థర్మామీటరు స్కేలు మొత్తం ఐదారు డిగ్రీలే ఉంటుంది, కానీ ప్రతి డిగ్రీకీ వంద గీతలుంటాయి. కటకంతో చూస్తే గీతల మధ్య కూడా అంచనా కట్టవచ్చు. అసలు ఉష్ణోగ్రత అది చెప్పదు, తేడా ఒక్కటే చెబుతుంది. మనకు కావలసిందీ తేడాయే.

దాని బుడ్డిని ఎక్కడ ఉంచాలన్నది మొదటి చిక్కు. ద్రావణం పైనున్న ఆవిరిలో ఉంచితే బుడ్డి మీద శుద్ధమైన బెంజీన్ చెమ్మలా పేరుకుంటుంది, థర్మామీటరు బెంజీన్ మరుగుస్థానమే చూపిస్తుంది. ΔT సున్నా! పోనీ ద్రావణంలో ముంచుదామంటే, మరిగే ద్రవం తన మరుగుస్థానాన్ని దాటి వేడెక్కిపోతుంది, రీడింగు నిలవదు. ఈ చిక్కు విప్పినవాడు కాట్రెల్, 1919లో. ఆయన ఉపకరణంలో ఒక గాజు గరాటును అడుగున బోర్లిస్తారు. మరిగే బుడగలు దాని గొట్టంలోంచి ద్రావణాన్ని పైకి తోసుకుపోయి ఆవిరిలో ఉన్న బుడ్డి మీద చిమ్ముతాయి. బుడ్డి మీద జారే పలుచని ద్రావణం పొర ఆవిరితో సమతాస్థితికి వచ్చేస్తుంది కనుక రీడింగు నిలుస్తుంది.

రెండో చిక్కు వాతావరణ పీడనం. పాదరసం ఒక మిల్లీమీటరు మారితే బెంజీన్ మరుగుస్థానం 0.04 డిగ్రీలు మారుతుంది. అందుకే పొద్దున శుద్ధ ద్రావణి రీడింగు తీసి, భోజనం చేసి వచ్చి ద్రావణం రీడింగు తీయకూడదు. నేను మొదటి రోజు చేసింది సరిగ్గా అదే. ఆ రోజు లెక్క పారేశాను.

మర్నాడు ఒకే కూర్చోలులో చేశాను. 50 గ్రాముల బెంజీన్‌కు రీడింగు 1.842. స్ఫటికాలను బిళ్ళలుగా నొక్కి, మొదట 0.61 గ్రాము వేస్తే 2.005 అయింది. ఇంకో 0.61 వేస్తే 2.149. తరువాత 1.22 వేస్తే 2.426. అంటే పెరుగుదలలు వరుసగా 0.163, 0.307, 0.584. సూత్రంలో పెడితే అణుభారాలు 189, 201, 211.

ఒకే పదార్థానికి మూడు జవాబులు! బరువు రెట్టింపు చేసినప్పుడు పెరుగుదల కూడా రెట్టింపు కావాలి కదా. 0.163కు రెట్టింపు 0.326, వచ్చింది 0.307. థర్మామీటరులో 0.005 పొరపాటు ఉందనుకున్నా మొదటి జవాబు 184కూ 195కూ మధ్యలోనే ఊగుతుంది గాని 211 దాకా పోదు. పైగా పొరపాటైతే అటూ ఇటూ రావాలి. ఇవి ఒకే దిక్కుకు ఎక్కుతున్నాయి.

పదార్థం ఆమ్లమని లిట్మస్ చెప్పింది. 0.244 గ్రామును కాస్త ఆల్కహాలులో కరిగించి ఫినాఫ్తలీన్ వేసి టైట్రేట్ చేస్తే, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ సరిగా 20 మిల్లీలీటర్లు పట్టింది. తుల్యభారం 122. ద్రవీభవన స్థానం కూడా 122 డిగ్రీలే వచ్చింది. అంకెలు కలవడం కాకతాళీయమే గాని, రెండూ కలిసి బెంజోయిక్ ఆమ్లం వైపే వేలు చూపించాయి. దాని అణుభారం 122.

"ఇంకేమిట్రా, 1.22 గ్రాములకు ΔT 0.506 అని దిద్దేసి రికార్డు రాసెయ్, సరిగ్గా 122 వస్తుంది" అన్నాడు పక్క బల్ల మిత్రుడు. నిజం చెప్పాలంటే పెన్సిలు తీశాను కూడా. కానీ 0.2 డిగ్రీ అంటే బెక్‌మన్ స్కేలు మీద ఇరవై గీతలు. ఇరవై గీతలు నా కన్ను పొరబడిందంటే నాకే నమ్మకం కుదరలేదు.

మాస్టారికి చూపిస్తే ఆయన ఒక్క ముక్క అన్నారు: "ద్రావణి మార్చి చూడవోయ్." అసిటోన్ తీసుకున్నాను. అది 56 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి బెక్‌మన్‌లో పాదరసాన్ని మళ్ళీ సరిచేసుకోవలసి వచ్చింది. దాని Kb 1.71. 50 గ్రాముల అసిటోన్‌లో 1.22 గ్రాములకు పెరుగుదల 0.336 వచ్చింది. లెక్కవేస్తే అణుభారం 124.

అప్పుడు ముడి విడింది. బెంజీన్‌కు హైడ్రోజన్ బంధం పట్టే గుణం లేదు. అందుచేత అందులో రెండు బెంజోయిక్ ఆమ్ల అణువులు తమ కార్బాక్సిల్ కొసలతో ఒకదానినొకటి రెండు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని జంట అవుతాయి. జంట ఒక కణం కిందే లెక్క. కణాలు తగ్గితే ΔT తగ్గుతుంది, అణుభారం పెరిగినట్టు కనిపిస్తుంది. అసిటోన్‌లోనైతే ఆ ఆక్సిజనే ఆమ్లపు హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది కనుక అణువులు విడివిడిగా ఉంటాయి.

మరి 244 ఎందుకు రాలేదు? 80 డిగ్రీల వేడిలో జంటలు కొన్ని విడిపోతూ ఉంటాయి గనుక. ఎంతమంది జంటకట్టారో లెక్క కట్టవచ్చు. జంటలో చేరిన వంతును α అంటే, కణాల నిష్పత్తి 1 − α/2. ఇది అసలు అణుభారాన్ని కనిపించిన అణుభారంతో భాగించినదానికి సమానం. మధ్య రీడింగుకు 122/201, అంటే 0.607, α విలువ 0.79. నూటికి 79 అణువులు జంటల్లో ఉన్నాయి. పలుచని ద్రావణంలో 71, చిక్కనిదానిలో 85. పలుచన చేసేకొద్దీ జంటలు విడిపోతాయి, అందుకే జవాబు 122 వైపు దిగుతోంది.

ఈ ఊహ సరైనదో కాదో చూడడానికి ఒక పరీక్ష మిగిలింది. కట్టుకున్నవి జంటలే అయితే, జంటల మొలాలిటీని ఒంటరి అణువుల మొలాలిటీ వర్గంతో భాగించినప్పుడు మూడు ద్రావణాలకూ ఒకే అంకె రావాలి. మొదటిదానిలో 0.0356ను 0.0288 వర్గంతో భాగిస్తే 43 వచ్చింది. రెండోదానికీ 43, మూడోదానికి 44. ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉందని ఒప్పుకోవాలి. మొదటి రీడింగులో 0.005 తేడా వస్తే ఈ అంకె 31కి దిగిపోగలదు. రికార్డులో 43 పక్కన ఆ మాట కూడా రాసి, దిద్దని మూడు రీడింగులతోనే మాస్టారికి ఇచ్చాను.