బేట్స్ నంబర్ వేసే ముందు పేజీల లెక్క తేల్చుకోండి

అమెరికా లాయర్ల ఆఫీసులకు హైదరాబాద్ నుంచి పనిచేసే టీముల్లో కొత్తవాళ్లకు ముందుగా అప్పగించే పనుల్లో బేట్స్ నంబర్లు వేయడం ఒకటి. కేసులో ఒక పక్షం తన దగ్గరున్న కాగితాలను అవతలి పక్షానికి ఇచ్చేటప్పుడు ప్రతి పేజీ అడుగున వరుస నంబరు ఒకటి వేస్తారు. దాన్నే బేట్స్ నంబర్ అంటారు. నొక్కిన ప్రతిసారీ అంకె దానంతటదే ఒకటి పెరిగే చేతి ముద్ర యంత్రానికి 1890ల్లో ఎడ్విన్ జి. బేట్స్ పేటెంట్లు తీసుకున్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. నాలుగొందల పేజీలకు నంబర్లు పడటానికి నిమిషం కూడా పట్టదు కాబట్టి ఇది చిన్న పనే అనిపిస్తుంది.

నంబరు వేసిన సెట్ అవతలివాళ్లకు చేరాక మాత్రం ఆ నంబర్లు మన చేతిలో ఉండవు. వాళ్ల లాయరు సాక్షిని కూర్చోబెట్టి "KLN000155 చూడండి" అని అడుగుతాడు, ఆ మాట వాంగ్మూలంలోకి ఎక్కుతుంది. తర్వాత కోర్టులో వేసే కాగితాల్లోనూ అదే నంబరు కనిపిస్తుంది. మనం వెనక్కి వెళ్లి 155ను 158 చేస్తే ఆ ప్రస్తావనలన్నీ తప్పు పేజీని చూపిస్తాయి. అందుకే నా పనిలో ఎక్కువ సమయం నంబరు వేయకముందే గడుస్తుంది.

ఒక సెట్ సంగతి చెబుతాను. పార్టీని గుర్తుపట్టకుండా ముందక్షరాలు KLN అని మార్చాను. పెట్టెలో 26 కాగితాల కట్టలు ఉన్నాయి. పిన్నులు తీసేటప్పుడే ప్రతి కట్టలోని పేజీలను చేత్తో లెక్కపెట్టి ఎక్సెల్‌లో రాసుకున్నాం. అన్నీ ఒకవైపే ప్రింటయిన కాగితాలు, మొత్తం 412 పేజీలు. ఈ లెక్క కాగితం నుంచే రావాలని నేను పట్టుబడతాను. స్కాన్ అయిన ఫైలును చూసి రాసుకుంటే, స్కానర్ చేసిన తప్పు మన లెక్కలోకీ వచ్చేస్తుంది. అప్పుడు రెండూ చక్కగా సరిపోతాయి, తప్పు కనబడదు.

షీట్‌లో B కాలమ్‌లో పేజీల సంఖ్య, C లో మొదటి నంబరు, D లో చివరి నంబరు. C2 లో 1 అని వేసి, ఈ రెండు ఫార్ములాలనూ కిందికి లాగితే చాలు.

```
D2: =C2+B2-1
C3: =D2+1
```

ఒక్క పేజీకి కూడా నంబరు పడకముందే ఏ కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో ఇలా తెలిసిపోతుంది. మా షీట్ ప్రకారం తొమ్మిదో కట్ట ఒక లీజు ఒప్పందం, 18 పేజీలు. అది 143తో మొదలై 160తో ముగియాలి. మొత్తం సెట్ 412తో ముగియాలి.

తర్వాత ఫైళ్ల పేర్లు చూసుకోవాలి. 1, 2, 10 అని పేర్లు పెడితే, అక్షరక్రమంలో పేర్చే సాఫ్ట్‌వేర్ 1 తర్వాత 10ని తెచ్చి పెడుతుంది. 01, 02, 10 అంటే వరుస తప్పదు. నంబరులో ముందు సున్నాలు పెట్టేదీ ఇందుకే. ఆరంకెలు పెట్టుకుంటే దాదాపు పది లక్షల పేజీల దాకా చాలు. మొదటి సెట్‌కు ఎన్ని అంకెలు వాడారో ఆ కేసు ముగిసేదాకా అన్నే వాడండి.

అక్రోబాట్ ప్రోలో ఆ టూల్ పేరు `Bates Numbering`. వెర్షన్‌ను బట్టి మెనూలో దాని చోటు మారుతుంటుంది. ఫైళ్లన్నీ ఒకేసారి ఎక్కించి, వరుస సరిచూసి, ముందక్షరాలు, అంకెల సంఖ్య, మొదటి నంబరు ఇవ్వాలి. పాస్‌వర్డ్ రక్షణ ఉన్న ఫైళ్ల మీద నంబరు పడదు, కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్ల లాంటివాటిని ముందే విడిగా చూసుకోండి. అసలు ఫైళ్ల జోలికి ఎప్పుడూ వెళ్లకండి. కాపీ మీదే నంబర్లు వేసి వేరే ఫోల్డర్‌లో పెట్టండి.

ఆ రోజు నంబర్లు వేసిన అమ్మాయి కాసేపటికి నా దగ్గరికి వచ్చి, "అక్కా, చివరి పేజీ మీద 409 పడింది" అంది. మూడు పేజీలు తగ్గాయి. నాలుగొందల పేజీలూ తిరగేయాలేమోనని కంగారు పడింది. అంత అవసరం లేదు. ప్రతి ఫైలులో చివరి పేజీ మాత్రం తెరిచి, షీట్‌లోని D గడితో పోల్చమన్నాను. ఎనిమిదో ఫైలు దాకా సరిపోయింది. తొమ్మిదోది 160తో ముగియాల్సింది 157తో ముగిసింది. ఆ తర్వాతి ఫైళ్లన్నీ అదే మూడు తేడాతో నడిచాయి. తేడా పెరగలేదు, తగ్గలేదు. అంటే తప్పంతా లీజు ఒప్పందంలోనే ఉంది.

ఆ ఫైలు తెరిచాం. KLN000147 మీద ఒప్పందం సొంత పేజీ నంబరు 5 ఉంది. KLN000148 మీద 7 ఉంది. ఆరో పేజీ లేదు. అలాగే చూస్తూ పోతే 11, 15 పేజీలు కూడా లేవు. పిన్ను ఊడదీసిన మూల దగ్గర కాగితాలు అతుక్కుని, స్కానర్ రెండేసి కాగితాలను ఒక్కసారే లాగేసుకుంది. నంబర్లు మాత్రం 143 నుంచి 157 దాకా ఎక్కడా తెగకుండా పడ్డాయి. బేట్స్ వరుస తెగలేదంటే పేజీలన్నీ ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ తన ముందున్న పేజీలనే లెక్కపెడుతుంది, రాని పేజీ సంగతి దానికి తెలియదు.

సెట్ ఇంకా మా దగ్గరే ఉంది కాబట్టి దిద్దుబాటు తేలికే అయింది. ఆ కట్టను విడదీసి, కాగితాల అంచులు విదిలించి మళ్లీ స్కాన్ చేశాం. నంబర్లు పడిన ఫోల్డర్ మొత్తం తీసేసి, నంబరు లేని కాపీల నుంచి అన్నిటికీ మళ్లీ వేశాం. తొమ్మిదో ఫైలుకు మాత్రమే వేసి సరిపెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 158, 159, 160 అప్పటికే పదో ఫైలు మీద ఉన్నాయి. ఒకే నంబరు రెండు పేజీల మీద పడటం, పేజీ తగ్గడం కంటే పెద్ద చిక్కు.

అదే సెట్ అవతలివాళ్లకు వెళ్లిపోయాక బయటపడి ఉంటే మళ్లీ వేయడం కుదరదు. రెండు దారులున్నాయి. ఆరో పేజీకి KLN000147.1 అని తోక నంబరు ఇవ్వడం ఒకటి. లేదా మూడు పేజీలకూ KLN000410 నుంచి 412 దాకా కొత్త నంబర్లు వేసి, అవి ఏ ఒప్పందంలో ఏ పేజీలో చెబుతూ ఉత్తరం జతచేసి పంపడం. నాకు రెండోదే మంచిదనిపిస్తుంది. తోక నంబర్లను కొన్ని డేటాబేసులు సరిగా పేర్చలేవు. అయితే ఈ నిర్ణయం మనది కాదు, కేసు లాయరుది. రెండు పక్షాలూ ముందే రాసుకున్న ఒప్పందంలో పద్ధతి ఉంటే అదే నడుస్తుంది. జరిగిందేమిటో, ఏయే నంబర్ల మధ్య ఏ పేజీలు రాలేదో రాసి ఆయనకు వెంటనే పంపడం మన పని.

ఇవ్వనక్కర్లేని పేజీ ఒకటి, అంటే లాయరుకూ క్లయింటుకూ మధ్య నడిచిన ఉత్తరంలాంటిది, నంబరు పడ్డాక కంటబడితే దాన్ని పీకేసి ఊరుకోకూడదు. లాయరు సరేనన్నాక దాని చోట అదే నంబరుతో ఖాళీ పేజీ పెట్టి, మినహాయించినట్టు దాని మీద ఒక ముక్క రాస్తారు. అప్పుడు వరుస నిలుస్తుంది, అక్కడ ఏదో తీసిన సంగతీ దాచినట్టు ఉండదు.

పంపే ముందు చివరగా కంటితో చూసేది నాలుగు రకాల పేజీలనే: అడ్డంగా తిరిగినవి, మామూలు కంటే పొడవైనవి, అడుగున స్కాన్ నలుపు పట్టినవి, సంతకాలున్నవి. అడ్డం పేజీలో నంబరు పక్కకు పడుకుంటుంది. నలుపు మీద నల్లక్షరం కనబడదు. ఒప్పందాల్లో సంతకాలు పేజీ అడుగునే ఉంటాయి కాబట్టి నంబరు వాటి మీదికి ఎక్కే ప్రమాదం ఉంది. మా లీజు పద్దెనిమిదో పేజీలో అదే జరిగింది, 160లోని సున్నా సంతకం తోకలో కలిసిపోయింది. పేజీని కొంచెం కుదించి కింద చోటు చేసే ఆప్షన్ పెట్టి మొత్తం సెట్‌కు ఇంకోసారి నంబర్లు వేశాం. చివరి పేజీ మీద 412 పడింది.