కొత్త ఉద్యోగం కబురు, నలుగురికీ కృతజ్ఞత

ఇంజనీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసరుగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా పాత విద్యార్థులు ఇప్పటికీ ఉద్యోగం మారినప్పుడు లింక్డ్‌ఇన్‌లో పెట్టబోయే పోస్టును ముందు నాకు పంపి, "ఒకసారి చూడండి సార్" అంటారు. చెప్పకపోతే సాయం చేసినవాళ్లను మరిచిపోయారంటారని, చెబితే డప్పు కొట్టుకుంటున్నారంటారని వాళ్ల బెంగ. ఆ పోస్టులు దిద్దుతూ నాకు తెలిసొచ్చినవి ఇవి.

1. చేరాకే చెప్పండి

ఆఫర్ లెటర్ చేతికి రాగానే పోస్టు పెట్టాలని మనసు తొందరపెడుతుంది. ఆగాలి. మన ఐటీ కంపెనీల్లో నోటీసు పీరియడ్ చాలాచోట్ల 60 నుంచి 90 రోజులు ఉంటుంది. ఈలోగా పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇవ్వాలి, కొత్త కంపెనీ మీ పాత ఉద్యోగాల వివరాలు సరిచూసుకోవాలి. చేరే తేదీ వెనక్కి జరగొచ్చు, ఒక్కోసారి ఆఫరే రద్దు కావొచ్చు. అందరి అభినందనలూ అందుకున్నాక అలా జరిగితే, ఆ సంగతి ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ బాధ పడిన పిల్లల్ని చూశాను.

ఇంకో చిన్న సంగతి. ప్రొఫైల్‌లో కొత్త ఉద్యోగం చేర్చేటప్పుడు Notify network అనే మీట కనిపిస్తుంది. అది ఆన్‌లో ఉంటే మీరు పోస్టు రాయకముందే కబురు బయటికి వెళ్లిపోవచ్చు. దాన్ని ముందే ఆపేయండి.

2. ఎవరు ఏం చేశారో ముందు కాగితం మీద రాసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే కాబట్టి ఒక పోస్టు సంగతి పూర్తిగా చెబుతాను. మా విద్యార్థిని ఒకమ్మాయి విశాఖలో కస్టమర్ సపోర్టులో రాత్రి షిఫ్టులు చేస్తూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంది. హైదరాబాద్‌లో టెస్ట్ ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. ఇంట్లోవాళ్లూ చదవాలని పోస్టు తెలుగులోనే రాసింది. మొదట నాకు పంపింది ఇలా ఉంది:

"ఎన్నో తిరస్కరణలు, నిద్రలేని రాత్రులు దాటి, నా కష్టానికి ఫలితంగా ఒక ప్రముఖ సంస్థలో టెస్ట్ ఇంజనీరుగా చేరానని వినమ్రంగా తెలియజేస్తున్నాను. నాకు అండగా నిలిచిన కుటుంబానికి, స్నేహితులకు, గురువులకు, శ్రేయోభిలాషులందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి మనసూ మంచిదే. కానీ మొదటి వాక్యం మొత్తం తన గురించే, రెండో వాక్యంలో ఎవరి ముఖమూ కనబడదు. నిజంగా సాయం చేసిన మనిషి దాన్ని చదివితే ఆ గుంపులో తానెక్కడున్నాడో వెతుక్కోవాలి.

"ఈ ఉద్యోగం కోసం ఎవరెవరు ఏం చేశారో రాయమ్మా. గొప్ప మాటలు వద్దు, చేసిన పని రాయి చాలు" అన్నాను. గంటలో కాగితం ఫొటో పంపింది. దాన్నిబట్టి తిరగరాసిన పోస్టు ఇది. పేర్లు నేను తీసేశాను:

"ఈ సోమవారం హైదరాబాద్‌లో టెస్ట్ ఇంజనీరుగా చేరాను. ఇంతకుముందు విశాఖలో కస్టమర్ సపోర్టులో పనిచేశాను. అక్కడ మా సీనియర్ షిఫ్టు అయ్యాక కూడా కూర్చుని, నేను రాసిన టెస్ట్ కేసులు చదివి, ఏయే సందర్భాలు వదిలేశానో గుర్తుపెట్టి ఇచ్చేవారు. ఇంటర్వ్యూలో లాగిన్ పేజీని ఎలా పరీక్షిస్తావని అడిగినప్పుడు ఆ గుర్తులే అక్కరకొచ్చాయి. నా క్లాస్‌మేట్ ఆదివారాలు ఫోన్‌లో నన్ను ఇంటర్వ్యూ చేసేది. జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పడం తన దగ్గరే నేర్చుకున్నాను. తమ్ముడు తన ల్యాప్‌టాప్ నాకిచ్చి, తను కాలేజీ ల్యాబులో చదువుకున్నాడు. ముగ్గురికీ నా కృతజ్ఞతలు."

ఇక్కడ పనులు చేస్తున్నది వేరేవాళ్లు. సీనియర్ చదివారు, స్నేహితురాలు అడిగింది, తమ్ముడు ఇచ్చాడు. అందుకే గొప్పలు చెప్పుకున్నట్టు ఎక్కడా అనిపించదు. అయినా ఆ అమ్మాయికి ఏం తెలుసో, ఎంత పట్టుదలగా నేర్చుకుందో చదివేవారికి తెలిసిపోతుంది. మీ పోస్టు మీరే సరిచూసుకోవాలంటే, ప్రతి వాక్యంలో పని ఎవరు చేస్తున్నారో చూడండి. అన్నిట్లోనూ మీరే ఉంటే మళ్లీ రాయాలి.

ముగ్గురు, నలుగురు చాలు. శుభలేఖలో బంధువుల వరసలా ముప్పై పేర్లు పెడితే ఎవరికీ దక్కాల్సింది దక్కదు. మిగిలినవాళ్లకు ఫోన్ చేయండి.

3. మొదటి రెండు వరసలు జాగ్రత్త

ఫోన్‌లో చూసేవారికి పోస్టులో మొదటి రెండు మూడు వరసలే కనిపిస్తాయి. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ కాస్త చోటులో తిరస్కరణల లెక్క, నిద్రలేని రాత్రులు పెడితే చాలామందికి మీ గురించి తెలిసేది అంతే. ఎక్కడ, ఏ పనిలో చేరారో సూటిగా ముందే చెప్పేయండి. 'వినమ్రంగా' అన్న మాట తీసేయమని ఆ అమ్మాయికి చెప్పాను. వినయం ఉన్న వాక్యానికి ఆ మాటతో పని లేదు.

జీతం సంగతి రాయకండి. ఎన్ని కంపెనీలు ఆఫర్లిచ్చాయో కూడా వద్దు. పాత కంపెనీ మీద ఒక్క పుల్లవిరుపు మాటైనా వద్దు. కొత్త మేనేజరు కూడా ఆ పోస్టు చదువుతారు.

4. ట్యాగ్ చేసేముందు అడగండి

ఆ కాగితంలో నాలుగో సంగతి కూడా ఉంది. కోర్సు ఫీజు కోసం అమ్మ తన గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టింది. అది రాయాలని ఆ అమ్మాయికి చాలా ఉంది. "ముందు అమ్మను అడుగు" అన్నాను. అడిగితే ఆవిడ వద్దన్నారు. ఇంటి ఇబ్బంది ఊరికి తెలియడం ఆవిడకిష్టం లేదు. కూతురు ఆ మాట ఫోన్‌లో అమ్మకే చెప్పుకుంది, పోస్టులో రాయలేదు. సాయం మనకు అందింది కదా అని దాన్ని బయటపెట్టే హక్కు మనకు రాదు.

ఆఫీసు మనుషుల విషయంలోనూ అంతే. రెఫరల్ ఇచ్చినవారి పేరు రాస్తే మరుసటి రోజునుంచి ఆయనకు ఎరగనివాళ్ల రెజ్యూమెలు మొదలవుతాయి. పాత ఆఫీసు సీనియర్‌కైతే, మీరు వెళ్లిపోవడానికి తానే సాయం చేశాడన్న పేరు రావొచ్చు. పై పోస్టులోని సీనియర్ పేరు వద్దన్నారు, పని రాస్తే ఫరవాలేదన్నారు. అలాగే రాసింది. ఫోన్ చేసి "ఇలా రాస్తున్నాను సార్, ఫరవాలేదా?" అని వాక్యం చదివి వినిపించాలి. ఆ ఫోనే చాలామందికి పోస్టుకన్నా ఎక్కువ సంతోషమిస్తుంది.

5. ఆఫర్ లెటర్ ఫొటో, ఐడీ కార్డు ఫొటో పెట్టవద్దు

వాటిలో ఉద్యోగి నంబరు, క్యూఆర్ కోడ్, చిరునామా ఉండొచ్చు. కొత్తగా చేరినవారికి హెచ్ఆర్ పేరుతోనో, పై అధికారి పేరుతోనో మెసేజీ పెట్టి డబ్బు గుంజే మోసగాళ్లున్నారు. వాళ్లకు కావలసిన వివరాలు మనమే ఇచ్చినట్టవుతుంది.

6. చేయగల సాయమే చెప్పండి

మీ పోస్టు చదివేవారిలో ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న స్నేహితుడు కూడా ఉంటాడు. "ఎవరికి ఏ సాయం కావాలన్నా నన్ను అడగండి" అని రాసి, తర్వాత జవాబివ్వకపోతే అతని మనసు ఇంకా చివుక్కుమంటుంది. ఆ అమ్మాయి చివర్లో ఒక్క వాక్యం చేర్చింది: "టెస్టింగ్ నేర్చుకుంటున్నవారు టెస్ట్ కేసులు పంపితే శనివారాల్లో చదివి చెబుతాను." తనకు అందిన సాయమే అది, తను చేయగలిగిందీ అదే. రెఫరల్ అడిగినవాళ్లకు మాత్రం, కంపెనీ పద్ధతి తెలుసుకునేదాకా ఆగమని, ఈలోగా రెజ్యూమె, ఖాళీ ఉన్న ఉద్యోగం నంబరు పంపమని విడిగా జవాబిచ్చింది.