యాప్ తీసేసినా డబ్బు ఎందుకు కట్ అవుతుంది?

బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ ఒప్పంద పత్రాలు చదవడం నా రోజువారీ పని. రిటైరయ్యాక మా వీధివాళ్లు ఫోన్లు పట్టుకొచ్చి చూపిస్తుంటారు. ఎక్కువమందిది ఒకటే బాధ: ఒక్క రూపాయి ట్రయల్ అని చేరితే వందలు పోయాయని. ఎదురింటి చెల్లెమ్మ ఇంగ్లిష్ నేర్పే యాప్‌లో చేరి అలాగే ₹599 పోగొట్టుకుంది. ఆ యాప్ షరతులు ఇద్దరం కూర్చుని చదివాం.

1. అన్ని పేజీలూ చదవక్కర్లేదు, కావలసిన చోటు వెతకాలి.
షరతుల పేజీని బ్రౌజర్‌లో తెరిచి, మూలనున్న మూడు చుక్కలు నొక్కితే Find in page అని వస్తుంది. అందులో ముందు renew, తర్వాత cancel, refund, share అని ఒక్కొక్కటే కొట్టండి. డబ్బుకీ మన వివరాలకీ సంబంధించిన వాక్యాలు చాలావరకు అక్కడే దొరుకుతాయి. చెల్లెమ్మ యాప్‌లో renew దగ్గర అసలు సంగతి బయటపడింది: ఏడు రోజుల ట్రయల్ తర్వాత, మనం ఆపకపోతే, మూడు నెలలకోసారి ₹599. refund దగ్గర, ఒకసారి మొదలైన గడువుకు డబ్బు తిరిగి ఇవ్వబోమని రాసి ఉంది.

2. పిన్ కొట్టే తెర మీద ఉన్నదే అసలు ఒప్పందం.
ప్రకటనలో ₹1 కనిపిస్తుంది. యూపీఐ ఆటోపే తెర మీద మాత్రం ఇంకో మొత్తం ఉంటుంది. చెల్లెమ్మ ఫోన్లో అది ‘₹999 వరకు’. ఎప్పుడెప్పుడు తీసుకోవచ్చన్న చోట As presented అని ఉంది, అంటే కంపెనీ ఎప్పుడు అడిగితే అప్పుడు. ముగింపు తేదీ 2055. రూపాయికని కొట్టిన పిన్‌తో ఇదంతా ఒప్పుకున్నట్టే. ఈ మూడూ చూడకుండా పిన్ కొట్టకండి.

3. యాప్ తీసేయడం వేరు, చందా ఆపడం వేరు, ఖాతా చెరిపేయడం వేరు.
“అన్నయ్యగారూ, మూడో రోజే యాప్ తీసేశాను కదా, డబ్బెలా పోయింది?” అని అడిగింది. పోతుందమ్మా. ఆ అనుమతి ఉన్నది యాప్‌లో కాదు, యూపీఐలో. ఫోన్‌పే, గూగుల్ పేలో మన ప్రొఫైల్ బొమ్మ నొక్కితే Autopay అన్న చోట ఆ కంపెనీ పేరు కనిపిస్తుంది. అక్కడ రద్దు చేసి పిన్ కొడితే ఆ దారి మూసుకుపోతుంది. గూగుల్ ప్లే ద్వారా కట్టిన చందా అయితే Payments & subscriptions లోకి వెళ్లి ఆపాలి.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, ఇలా డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మనకు కబురు రావాలి. చెల్లెమ్మకూ వచ్చింది, ఆఫర్ల మెసేజీల మధ్య పడి కనపడలేదు. ఆ ₹599 తిరిగి రాలేదు, మూడు నెలలకు పోవలసినది మాత్రం ఆపగలిగాం. చందా ఆపనివ్వకుండా తిప్పలు పెట్టడాన్ని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మోసపు పద్ధతుల జాబితాలో చేర్చింది. ఆపే దారి దాచిపెట్టారనిపిస్తే 1915కి ఫోన్ చేయండి.

4. ‘మీ వివరాలు అమ్మం’ అన్న మాట దగ్గరే ఆగిపోకండి.
దాని కింది పేరాలో share దగ్గర చూడండి. మా ముందున్న పత్రంలో అనుబంధ కంపెనీలు, ప్రకటనల భాగస్వాములు, సేవలందించేవాళ్లు అని మూడు వరసలున్నాయి. డబ్బు వసూలు చేసే సంస్థకు ఫోన్ నంబరు ఇవ్వడం సబబే, అది లేకుండా పని జరగదు. ప్రకటనలవాళ్లకు నంబరు, లొకేషన్ ఎందుకు? ఇంగ్లిష్ పాఠానికి కాంటాక్ట్స్ ఎందుకు? పనికి అవసరం లేని ప్రతి అనుమతినీ ఫోన్ సెట్టింగ్స్‌లో తీసేయండి. పాఠాలకు ఏ అడ్డూ రాదు.

ప్లే స్టోర్లో Data safety అన్న భాగం కూడా చూడాల్సిందే, అయితే అది కంపెనీ తనంతట తాను రాసుకున్నది. పైగా తన తరఫున పనిచేసే సంస్థలకు ఇచ్చే వివరాలను గూగుల్ లెక్కలో ‘పంచుకోవడం’ కింద చూపనక్కర్లేదు. అక్కడ ఏమీ పంచుకోమని ఉన్నా, పాలసీలో share వెతకాల్సిందే.

5. ముందు ఆటోపే, తర్వాత ఖాతా, చివర యాప్.
ఈ వరస తప్పితే చిక్కే. ముందే యాప్ తీసేస్తే ఖాతా చెరిపేసే మీట వెతుక్కోవడం కష్టం. మీట కనబడకపోతే పాలసీ చివర ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్ చిరునామాకు మెయిల్ రాయాలి. మేం రెండే అడిగాం: నా ఖాతా, వివరాలు తొలగించండి, ఇప్పటిదాకా ఎవరెవరికి ఇచ్చారో చెప్పండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఈ రెండు హక్కులూ ఉన్నాయి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలకు చాలా బాధ్యతలపై 18 నెలల గడువిచ్చారు. ఆలోగా కూడా అడగవచ్చు. ఇప్పటికే ప్రకటనలవాళ్ల చేతికి పోయిన నంబరును మాత్రం మన మెయిల్ వెనక్కి తేలేదు, ఇకముందు పోకుండా ఆపమని అడగగలం. మెయిల్‌కు వచ్చిన టికెట్ నంబరును చెల్లెమ్మ బ్యాంకు పాసుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టించాను.