45 నిమిషాల్లో చీరాల-పేరాల: రోల్ ప్లే పాఠం తయారీ

సోషల్ పాఠానికి రోల్ ప్లే అనగానే చాలామందిమి చేసే పని ఒకటే. బాగా మాట్లాడే పిల్లాడికి నాయకుడి వేషం, ఇంకొకడికి దొర టోపీ, ఇద్దరికీ రాసిచ్చిన డైలాగులు. మిగతా క్లాసంతా నినాదాలిచ్చే గుంపు. ఇన్‌స్పెక్షన్ రోజున ఫొటోలు బాగానే వస్తాయి. వారం తర్వాత ఆ ఉద్యమం ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం ఆ ఇద్దరే నోరు తెరుస్తారు, అదీ బట్టీ పట్టిన డైలాగుతో.

లోపం పిల్లల్లో లేదు, మనం ఎంచుకున్న ఘట్టంలో ఉంది. జరిగిన కథ మొత్తాన్ని ఆడించకండి. అప్పటి జనం ఎటూ తేల్చుకోలేక నిలబడ్డ ఒక్క గంటను పట్టుకోండి. చీరాల-పేరాల ఉద్యమాన్నే తీసుకుందాం. రెండు ఊళ్లనూ కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. ఏడాదికి సుమారు 4,000 రూపాయలున్న పన్ను 40,000 దాకా ఎగబాకింది. జనంలో ఎక్కువమంది నేతగాళ్లు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన రామదండు ముందుండి పన్ను వ్యతిరేక ఉద్యమాన్ని నడిపించారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి రెండు దారులు చూపించారు: శాంతియుతంగా పన్ను ఎగ్గొట్టడం, లేదా మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. మన పాఠం ఇక్కడ ఆగాలి. గాంధీ వెళ్లిన తర్వాత జరిగే ఊరి సమావేశమే క్లాసు. ఆ సమావేశం మనం ఊహించుకున్నదని పిల్లలకు ముందే చెప్పండి.

నలభై మంది ఉంటే ఐదు గుంపులు చాలు: మగ్గం నేసేవాళ్లు, వ్యాపారులు, కూలీలు, రామదండు వాలంటీర్లు, మున్సిపాలిటీ పక్షం. దుగ్గిరాల, గాంధీ పాత్రలు ఎవరికీ ఇవ్వకండి. ఇచ్చారో, మిగతావాళ్లు ఆలోచించడం మానేసి వాళ్ల నోటివైపే చూస్తారు.

పని మొత్తం ఒక్కో గుంపుకు మనం రాసిచ్చే కార్డులో ఉంది. డైలాగు రాయొద్దు, మూడే విషయాలు రాయండి: నీకేం తెలుసు, నీకేం పోతుంది, నీకేం తెలియదు. నేతగాడి కార్డు ఇలా ఉంటుంది: "పన్ను పెరిగింది. ఊరు వదిలితే మగ్గం విప్పి బండికెక్కించాలి, గుంట మళ్లీ తవ్వాలి, అన్నాళ్లూ కూలి ఉండదు. బయట ఎన్నాళ్లుండాలో ఎవరూ చెప్పలేదు." ఇది చదివిన పిల్లాడు నినాదం ఇవ్వడు, లెక్క వేసుకుంటాడు. మున్సిపాలిటీ కార్డును నీరసంగా రాయడం మామూలుగా జరిగే తప్పు. నీళ్లు, వీధిదీపాలు, పారిశుద్ధ్యం డబ్బు లేకుండా ఎలా వస్తాయని వాళ్లు గట్టిగా అడగగలగాలి. ఎదుటి పక్షం బొమ్మలా నిలబడితే చర్చ ఐదు నిమిషాల్లో చచ్చిపోతుంది.

టైము ఇలా పంచుకోండి. సందర్భం చెప్పడానికి 5 నిమిషాలు, గుంపుల్లో మాట్లాడుకోవడానికి 8, సమావేశానికి 15, ఓటుకు 2. మిగిలిన 15 నిమిషాలు పాత్రలు వదిలేసి మాట్లాడుకోవడానికి. బెల్లు దగ్గరపడితే మనం కోసేసేది ఈ ఆఖరి భాగాన్నే. కావాలంటే సమావేశాన్ని కుదించండి, దీన్ని మాత్రం ముట్టుకోకండి.

ఓటయ్యాక జరిగింది చెప్పండి. జనంలో అత్యధికులు ఊరు ఖాళీ చేసి, హద్దు బయట రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకున్నారు. దాదాపు 11 నెలలు నిలబడ్డారు. దుగ్గిరాల జైలుకెళ్లాక ఉద్యమం సడలింది, చివరికి జనం తిరిగొచ్చారు. మీ క్లాసు పన్ను ఎగ్గొట్టడానికే ఓటేస్తే కంగారుపడి సరిదిద్దకండి. "మీరు ఎగ్గొడదామన్నారు, వాళ్లు వెళ్లిపోయారు. వాళ్ల కార్డులో ఏముండి ఉంటుంది?" అని అడగండి. జప్తు భయం, కట్టుబాటు, నాయకుడి మాట మీద నమ్మకం అన్నీ అప్పుడు బయటికొస్తాయి.

రెండు జాగ్రత్తలు. పిల్లల కులాన్నీ ఇంటి వృత్తినీ బట్టి పాత్ర ఇవ్వకండి, చీటీలు తీయించండి. నిజంగా నేత కుటుంబం పిల్లాడుంటే అతణ్ని సాక్షిలా నిలబెట్టి ప్రశ్నలడగకండి. మున్సిపాలిటీ గుంపు చేసిన పిల్లల్ని పాఠం అయ్యాక పేరుపెట్టి ఏడిపించడం కూడా మామూలే. అందుకే కార్డులు వెనక్కి తీసుకుని, పాత్ర ఇక్కడితో అయిపోయిందని అందరి ముందూ చెప్పండి.

మార్కులు నటనకు వేయకండి. చివర్లో చిన్న చీటీ మీద రెండు వాక్యాలు రాయించండి: ఒకటి, నీ గుంపు ఏం కోరింది, ఎందుకు; రెండు, నీకు ఎదురైన బలమైన వాదన ఏది. రెండోది ఖాళీగా ఉన్న చీటీలు సగానికి మించితే తప్పు మీ కార్డుల్లో ఉన్నట్టే. ముందు మున్సిపాలిటీ కార్డు తిరగరాసి, పక్క సెక్షన్‌కు వెళ్లండి.