జనవరి గిరాకీ అసలు పెరుగుదలేనా? బెల్లం లెక్కల్లో చలన సగటు

సంక్రాంతి నెలలో బెల్లం అమ్మకాలు పెరగటం వింత కాదు. అరిసెలకు ఇంటింటా బెల్లం కావాలి. పెరగవలసినంత పెరిగాయా, లేదా అన్నదే వర్తకుడు తేల్చుకోవలసిన విషయం. అది తేలకుండా ఆర్డరు పెంచితే, మిగిలిన సరకు వానాకాలంలో చెమ్మ పట్టి కారిపోతుంది. పెట్టుబడి కూడా దానితోపాటే చిక్కుబడుతుంది.

అనకాపల్లి నుంచి బెల్లం తెప్పించే ఒక హోల్‌సేల్ వర్తకుని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడి అంకెలు లెక్క విధానం తెలియటం కోసం వేసినవి. 2024 డిసెంబరులో అతని అమ్మకం 360 క్వింటాళ్లు. 2025 జనవరిలో 540 క్వింటాళ్లు. ఒక్క నెలలో గిరాకీ సగానికి సగం పెరిగిందని అతను సంతోషించి, ఫిబ్రవరికి కూడా అంతే సరకు తెప్పించాలనుకున్నాడు.

నెలల మధ్య ఎగుడు దిగుళ్లను తొలగించటానికి 12 నెలల చలన సగటు ఉపయోగపడుతుంది. ఏ 12 నెలలు వరుసగా తీసుకున్నా అందులో ఒకే సంక్రాంతి, ఒకే వానాకాలం వుంటాయి. కనుక కాలానుగుణమైన హెచ్చుతగ్గులు ఒకదానికొకటి సరిపోయి, అసలు ధోరణి మిగులుతుంది. లెక్క రూపాయలలో గాక క్వింటాళ్లలో వేయాలి. రూపాయలలో వేస్తే ధర మార్పు కూడా అందులో కలిసిపోతుంది.

ఈ వర్తకునికి 2023 జులై నుంచి 2024 జూన్ వరకు మొత్తం అమ్మకం 4,692 క్వింటాళ్లు. నెలకు సగటు 391. తరువాత ఒక నెల జరపాలి. 2023 జులై అమ్మకం 300 తీసివేసి, 2024 జులై అమ్మకం 276 కలిపితే మొత్తం 4,668, సగటు 389. మొదటి సగటు డిసెంబరు, జనవరి నెలల మధ్య పడుతుంది. రెండవది జనవరి, ఫిబ్రవరి నెలల మధ్య పడుతుంది. ఈ రెండింటి సగటు 390 సరిగా 2024 జనవరికి ఎదురుగా నిలుస్తుంది.

ఆ జనవరిలో అసలు అమ్మకం 585. దానిని 390తో భాగించి 100తో హెచ్చిస్తే 150 వస్తుంది. ఇదే పద్ధతిన 2022 జనవరికి 147, 2023 జనవరికి 153 వచ్చాయి. మూడింటి సగటు 150. ఇదే జనవరి ఋతు సూచిక. మిగతా నెలలకూ ఇలాగే కట్టాలి. పన్నెండు సూచికల మొత్తం 1,200 రావాలి. రాకపోతే అన్నింటినీ అదే నిష్పత్తిలో సరిచేయాలి.

డిసెంబరు సూచిక 96 వచ్చిందనుకుంటే, 360ని 0.96తో భాగించగా 375 వస్తుంది. జనవరి 540ని 1.50తో భాగించగా 360 వస్తుంది. పండుగ పొంగును తీసివేస్తే గిరాకీ పెరగలేదు, తగ్గింది. ఏడాది క్రితం 390గా వున్న మట్టం ఇప్పుడు 360కి దిగింది. ఫిబ్రవరి సూచిక 80 అయితే, ఆ నెలకు అంచనా 288 క్వింటాళ్లే గాని 540 కాదు.

అయితే ఉగాది విషయంలో ఈ లెక్క తడబడుతుంది. సంక్రాంతి ఏటా జనవరి మధ్యలోనే వస్తుంది. ఉగాది మాత్రం 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. అంటే 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు గల ఖాతా సంవత్సరంలో ఒక్క ఉగాది కూడా లేదు. ఆ తరువాతి ఖాతా సంవత్సరంలో రెండు వున్నాయి. చిల్లర కొట్లవారు ముందుగా కొనుగోలు చేస్తారు గనుక తేడా కొంత తగ్గవచ్చునే గాని పూర్తిగా పోదు. మార్చి, ఏప్రిల్ నెలలను కలిపి ఒకే సూచిక కట్టటం, వార్షిక పోలికకు మే నుంచి ఏప్రిల్ వరకు తీసుకోవటం మేలు.

మరొక చిక్కు ఒక్కసారి వచ్చే పెద్ద ఆర్డరు. 120 క్వింటాళ్ల ఆర్డరు ఒకటి తగిలితే, చలన సగటు 12 నెలలపాటు 10 క్వింటాళ్లు ఎత్తున నిలిచి, తరువాత హఠాత్తుగా పడిపోతుంది. ఆ నెల నిష్పత్తి మిగతా సంవత్సరాల నిష్పత్తులకు దూరంగా వుంటుంది గనుక దానిని గుర్తించటం కష్టం కాదు. అటువంటి అమ్మకాన్ని విడిగా రాసుకుని, సగటులో కలపకుండా వుండాలి.

చివరి ఆరు నెలలకు చలన సగటు దొరకదు. 2025 జనవరికి ఎదురుగా సగటు పడాలంటే జులై అమ్మకం తెలియాలి. అందాకా సూచికతో భాగించిన అంకెలే ఆధారం. ఒక్క నెల అంకె చూసి ఆర్డరు మార్చకుండా, వరుసగా మూడు నెలలు ఒకే దారిన నడిస్తేనే ధోరణి మారిందని లెక్కించటం క్షేమం.